గురువారం రివ్యూ ఉంది, మేనేజర్ రాసింది అన్యాయం అనిపిస్తోంది. తొణక్కుండా జవాబు ఎలా చెప్పాలి?

చిరుగాలి · ఆదివారం, రాత్రి 9:40

గురువారం ఉదయం 11 గంటలకు నా అర్ధవార్షిక రివ్యూ. అరగంట టైమ్ ఇచ్చారు. మేనేజర్ రాసిన వ్యాఖ్య పోర్టల్‌లో ముందే కనబడింది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"ఓనర్‌షిప్ తక్కువ. డెడ్‌లైన్ల విషయంలో నిలకడ లేదు. కమ్యూనికేషన్ మెరుగుపడాలి." రేటింగ్ ఐదుకి రెండు.

అది చదివినప్పటి నుంచి గుండె దడగా ఉంటోంది. రాత్రి రెండయితే గానీ నిద్ర పట్టడం లేదు. మనసులో మేనేజర్‌తో వాదన నడుస్తూనే ఉంటుంది, అందులో ప్రతిసారీ నేనే గెలుస్తాను. నిజంగా ఆ గదిలో కూర్చున్నాక మాత్రం గొంతు వణుకుతుందేమో, లేదంటే కోపంలో నోరు జారుతానేమో అని భయం. గడువు తప్పినవి రెండే పనులు. అందులో ఒకటి వేరే టీమ్ వల్ల ఆలస్యమైంది.

ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు? ధైర్యం చెప్పేవాళ్ళు ఇంట్లో ఉన్నారు, దయచేసి అది కాకుండా ఇంకేమైనా చెప్పండి.

సూటిమాట · ఆదివారం, రాత్రి 9:58

ఇందులో ఆలోచించడానికేముంది అండీ. ఆధారాలు పెట్టి కొట్టాలి. ఆరు నెలల మెయిళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి ముందు రోజే మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ పంపేయండి. మీటింగ్‌లో ఒక్కో మెయిలూ తెరిచి చూపించండి. రాతపూర్వకంగా ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరు.

పాతకాపు · ఆదివారం, రాత్రి 10:25

ఆధారం కావాలన్నంతవరకు సూటిమాట గారితో ఏకీభవిస్తాను, ఆ ఫోల్డర్ మాత్రం వద్దు. అరగంట మీటింగ్‌లో నలభై మెయిళ్ళు తెరిస్తే అవతలివాళ్ళకి ఒకటే అర్థమవుతుంది, తమ మీద కేసు కట్టారని. ఆ తర్వాత వాళ్ళు మీ మాట వినరు, తమ మాట కాపాడుకుంటారు. హెచ్‌ఆర్‌ని మొదటి రోజే కలిపితే అది ఇంకా ముదురుతుంది.

చిరుగాలి గారూ, జవాబు తయారు చేసేముందు నాలుగు సంగతులు తెలియాలి. ఒకటి, ఈ ఆరు నెలల్లో మీరు మొత్తం ఎన్ని పనులు అప్పగించారు, ఎన్ని సమయానికి ఇచ్చారు. రెండు, ఆలస్యమైన రెండింటికీ తేదీలు. మూడు, ఆలస్యం అవుతుందని మీకు ఏ రోజు తెలిసింది. నాలుగు, మేనేజర్‌కి ఏ రోజు చెప్పారు. చివరి రెండింటికీ మధ్య ఎన్ని రోజులున్నాయో చాలామంది లెక్కపెట్టుకోరు. ఇలాంటి వ్యాఖ్యల మూలం తరచుగా అక్కడే ఉంటుంది.

చిరుగాలి · ఆదివారం, రాత్రి 11:10

మెయిళ్ళు చూసి రాస్తున్నాను.

మొత్తం 14 రిపోర్టులు. 12 సమయానికి ఇచ్చాను.

మార్చి రిపోర్టు: పక్క టీమ్ నుంచి డేటా ఫైలు 4న రావాలి, 11న వచ్చింది. నా గడువు 14. ఇచ్చింది 20న. ఫైలు కోసం 5న, 8న వాళ్ళకి మెయిల్ పెట్టాను.

మే రిపోర్టు: గడువు 16, ఇచ్చింది 19న. ఇది నాదే. తనిఖీకి ఒక రోజు చాలనుకున్నాను, సరిపోలేదు.

మేనేజర్‌కి చెప్పింది... మార్చిలో 13న. 5న, 8న పెట్టిన మెయిళ్ళలో ఆయన కాపీలో లేరు. మేలో 16 సాయంత్రం చెప్పాను.

పాతకాపు · ఆదివారం, రాత్రి 11:45

ఇప్పుడు ఆ మూడు వాక్యాల వ్యాఖ్యని విడదీసి చూద్దాం. ఒక కాగితం తీసుకుని ఎడమవైపు మేనేజర్ వాడిన మాట, కుడివైపు దాని వెనక ఉండగల సంఘటన రాయండి.

"డెడ్‌లైన్ల విషయంలో నిలకడ లేదు." కుడివైపు ఉన్నవి రెండు సంఘటనలు, పద్నాలుగులో. ఫైలు ఏడు రోజులు ఆలస్యంగా వస్తే మీరు ఆరు రోజుల ఆలస్యంతో ఇచ్చారు, అంటే ఒక రోజు వెనక్కి తెచ్చారు కూడా. "నిలకడ లేదు" అనేది ఈ లెక్క ముందు నిలవదు. మీరు గట్టిగా అభ్యంతరం చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

"కమ్యూనికేషన్ మెరుగుపడాలి." ఇక్కడ ఆయన వైపు నుంచి చూడండి. మార్చి 5 నాటికే ఫైలు రాలేదని మీకు తెలుసు. ఆయనకి తెలిసింది 13న, గడువుకి ఒక రోజు ముందు. ఎనిమిది రోజుల తేడా. ఆయన పై వాళ్ళకి ఏం చెప్పుకోవాలో ఆలోచించుకోవడానికి ఒక్క రోజు మిగిలింది. మేలో అదీ మిగల్లేదు. ఈ విమర్శ న్యాయమైనదే, మాట మాత్రం మరీ విశాలంగా ఉంది. "ఆలస్యం సంగతి ముందుగా చెప్పడం లేదు" అని రాసి ఉంటే మీకు కూడా ఇంత మంట పుట్టేది కాదు.

"ఓనర్‌షిప్ తక్కువ." దీనికి కుడివైపు ఖాళీ. ఆయన దేన్ని చూసి ఆ మాట అన్నారో మనకి తెలియదు. తెలియని దానికి జవాబు తయారు చేయకూడదు, ప్రశ్న తయారు చేసుకోవాలి.

అంటే ఒకటి ఒప్పుకోవాలి, ఒకటి కాదనాలి, ఒకటి అడగాలి. మూడింటినీ "అన్యాయం" అని ఒకే మూటలో కడితే, అందులో న్యాయమైన భాగాన్ని ఆయన పట్టుకుంటారు, మిగతాదంతా దాంతోపాటే కొట్టుకుపోతుంది.

వెన్నెలమెట్టు · సోమవారం, ఉదయం 7:15

ఇలాంటి సందర్భంలో గట్టిగా అడగాల్సిందే. నాకు పోయినసారి పెంపు చాలా తక్కువ ఇచ్చారు, బయట నుంచి ఆఫర్ తెచ్చి చూపించాక సరిచేశారు. మీరు కూడా ముందు రెండు ఇంటర్వ్యూలు ఇవ్వండి. ఎంత శాతం అడగాలనుకుంటున్నారు?

చిరుగాలి · సోమవారం, ఉదయం 7:40

అక్కా, నా ప్రశ్న జీతం గురించి కాదు. పెంపు నిర్ణయం వేరే నెలలో ఉంటుంది. ఆ వ్యాఖ్య గురించి మాట్లాడేటప్పుడు నిబ్బరంగా ఎలా ఉండాలన్నదే అడుగుతున్నాను.

పాతకాపు · సోమవారం, ఉదయం 8:05

బయటి ఆఫర్ మాట ఈ మీటింగ్‌లో తెస్తే వ్యాఖ్య సంగతి అక్కడితో ఆగిపోతుంది, "ఉంటావా, పోతావా" అన్నదే మిగులుతుంది. అది వేరే రోజు మాట్లాడుకునే విషయం.

తెల్లకోటు · సోమవారం, ఉదయం 9:30

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. దడ, నిద్ర గురించి చెబుతాను.

మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను, మనసులో వాదన నడుస్తూనే ఉంటుందన్నది. అది సన్నాహంలా అనిపిస్తుంది గానీ కాదు. ఆ ఊహలో అవతలి మనిషి మీరు రాసిన డైలాగులే చెబుతాడు, దాంతో ప్రతి రౌండుకీ కోపం పెరుగుతుందే తప్ప ఒక్క కొత్త వాక్యం కూడా చేతికి రాదు. దాన్ని బలవంతంగా ఆపబోతే ఇంకా ఎక్కువవుతుంది. రోజుకి ఒక సమయం కేటాయించండి, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర అనుకోండి. పగలు వాదన మొదలైతే ఒక ముక్క రాసి పెట్టుకుని "ఆరింటికి చూద్దాం" అని వాయిదా వేయండి. ఆరింటికి కూర్చుని, రాసుకున్నవి పాతకాపు గారు చెప్పిన కాగితంలో ఏ గడికి చెందుతాయో చూడండి. ఏ గడికీ చెందనివి చాలా ఉంటాయి. పడకగది దగ్గరకి మాత్రం ఈ పని తీసుకెళ్ళకండి.

పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనులు కాగితం మీద రాయండి, జరిగినవి కాదు. 2018లో వచ్చిన ఒక నిద్ర పరిశోధనలో అలా రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళ కన్నా సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. చిన్న ప్రయోగం, కొద్దిమంది మీదే చేశారు, కానీ ఖర్చు లేని పని.

కాఫీ తాగినప్పుడు లోపలికి వెళ్ళే కెఫీన్‌లో సగం బయటికి పోవడానికి చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది. మధ్యాహ్నం తర్వాత మానేయండి. గురువారం ఉదయం మాత్రం పూర్తిగా మానకండి, అలవాటున్నవాళ్ళకి ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది. సగం తాగండి.

దీపశిఖ22 · సోమవారం, ఉదయం 10:10

మీటింగ్ ముందు గట్టిగా పది పదిహేను లోతైన శ్వాసలు తీసుకుంటే సరిపోతుంది కదా? ఇంకా, "నాకు భయంగా లేదు, ఉత్సాహంగా ఉంది" అని మనకి మనమే చెప్పుకుంటే పనిచేస్తుందని చదివాను.

తెల్లకోటు · సోమవారం, ఉదయం 10:50

రెండూ సగం నిజం.

గబగబా లోతైన శ్వాసలు తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలికవుతుంది, వేళ్ళ చివర్లు జిల్లుమంటాయి. భయపడే మనిషికి అది భయం ముదిరినట్టే అనిపిస్తుంది. కావాల్సింది నెమ్మది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. ఐదు నిమిషాలు చాలు. ఇది ఈ రోజు నుంచే రోజుకి రెండుసార్లు చేయండి. గురువారం 10:55కి మొదటిసారి చేస్తే లెక్క సరిగ్గా వస్తోందా లేదా అన్న ఆదుర్దానే మిగులుతుంది.

ఉత్సాహం సంగతి 2014లో వచ్చిన పరిశోధనే. పాట పాడటం, ఉపన్యాసం, లెక్కలు చేయడం లాంటి పనుల్లో అది మేలు చేసింది. వాటిలో ఉన్నది భయం ఒక్కటే. చిరుగాలి గారి దగ్గర భయంతోపాటు కోపం కూడా ఉంది. కోపంగా ఉన్న మనిషిని ఉత్సాహపడమంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇక్కడ "నాకు కోపంగా ఉంది, నిలకడ లేదన్న మాటకి" అని మనసులో పేరు పెట్టుకోవడమే ఎక్కువ నప్పుతుంది.

ఇంకొకటి. ముఖం మీద ఏమీ కనబడకుండా లోపల అణిచిపెట్టుకుని కూర్చోవడాన్ని చాలామంది ప్రశాంతత అనుకుంటారు. అలా అణిచిపెట్టే పనిలో ఉన్నవాళ్ళకి ఆ సమయంలో విన్నది తక్కువ గుర్తుంటుందని 2000లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. రివ్యూలో ఇది నష్టం, ఎందుకంటే ఆయన అన్న మాటలే మీకు తర్వాత పనికొచ్చేవి. కాబట్టి నోట్‌బుక్ తీసుకెళ్ళి ఆయన మాటలు ఆయన పదాల్లోనే రాసుకోండి. రాయడం వల్ల నెమ్మదిస్తారు, ఎదుటివాళ్ళకి కూడా శ్రద్ధగా వింటున్నట్టు కనబడుతుంది.

రేవుగట్టు · సోమవారం, మధ్యాహ్నం 1:20

ఇంత తంతు ఎందుకు? దడకి ప్రొప్రానలాల్ అని ఒక మాత్ర ఉంది, స్టేజీ ఎక్కేవాళ్ళు చాలామంది వాడతారు. ఒకటి వేసుకుంటే చేతులు వణకవు.

తెల్లకోటు · సోమవారం, మధ్యాహ్నం 2:00

వాడతారు, డాక్టర్ రాస్తే. ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. గుండె వేగం ఇప్పటికే తక్కువగా ఉన్నవాళ్ళకీ, రక్తపోటు తక్కువగా ఉండేవాళ్ళకీ కూడా పడదు. పైగా అది వణుకునీ దడనీ తగ్గిస్తుంది గానీ "నేను పనికిరానిదాన్ని" అన్న ఆలోచనని తగ్గించదు. ఎవరో చెప్పారని రివ్యూ రోజే మొదటిసారి వేసుకోవడం అన్నిటికన్నా తప్పు. ఇలాంటి దడ, నిద్రలేమి రివ్యూ అయిపోయాక కూడా రెండు మూడు వారాలు తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి.

కొత్తచిగురు · సోమవారం, సాయంత్రం 6:45

పాతకాపు గారూ, ఒక అనుమానం. చాలా చోట్ల రేటింగులు మేనేజర్లందరూ కూర్చుని ముందే ఖరారు చేస్తారు కదా. మీటింగ్‌కి వచ్చేసరికి ఆయన చేతిలో ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఇదంతా చేసి లాభమేంటి?

పాతకాపు · సోమవారం, రాత్రి 8:30

మంచి ప్రశ్న. కాలిబ్రేషన్, అంటే మీరన్న ఆ ఖరారు చేసే పని, అయిపోయి ఉంటే ఐదుకి రెండు ఉన్న రేటింగ్ మూడుగా మారడం కష్టం. అందుకే ఈ మీటింగ్‌కి పెట్టుకునే లక్ష్యం రేటింగ్ కాకూడదు. మారని దాని కోసం అరగంట పోరాడితే మారగలిగేది కూడా చేజారుతుంది. మారగలిగేవి రెండు. ఒకటి, రాతలో ఉన్న పదాలు. వచ్చే రివ్యూలో, టీమ్ మారినప్పుడు, కొత్త మేనేజర్ వచ్చినప్పుడు చదివేది వాటినే. "నిలకడ లేదు" అన్నది ఫైల్లో ఉండటానికీ, "14లో రెండు ఆలస్యం, ముందుగా తెలియజేయాలి" అన్నది ఉండటానికీ చాలా తేడా. రెండోది, వచ్చే ఆరు నెలలు ఏ కొలతతో చూస్తారన్నది.

రేటింగ్ గురించి ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: "ఇది ఖరారైందా, ఇంకా మార్చే వీలుందా?" ఖరారైందంటే అప్పీలు పద్ధతి ఉందా, ఎన్ని రోజుల్లో పెట్టాలి అని అడిగి రాసుకోండి. అక్కడే వాదించకండి.

పక్కమాట ఒకటి. రేటింగు అనేది పనిచేసినవాడి గురించి ఎంత చెబుతుందో, రేటింగు ఇచ్చినవాడి గురించి అంతకన్నా ఎక్కువ చెబుతుంది. 2000లో 4,000 మందికి పైగా మేనేజర్లకి వచ్చిన రేటింగులని విశ్లేషిస్తే, వాటిలో తేడాలకి సగానికి పైగా కారణం రేటింగు ఇచ్చినవాళ్ళ సొంత ధోరణి అని తేలింది. ఇది మీటింగ్‌లో చెప్పే మాట కాదు, పొరపాటున కూడా చెప్పకండి. రాత్రి రెండింటికి మెలకువగా ఉన్నప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి.

సూటిమాట · సోమవారం, రాత్రి 9:05

సరే, నలభై మెయిళ్ళు వద్దు. కానీ ఒక పేజీ అయినా ముందు రోజు పంపాలి కదా? లేకపోతే ఆయనకి అక్కడికక్కడ చదివే టైమ్ ఉండదు, "చూస్తాను" అని తప్పించుకుంటారు.

పాతకాపు · సోమవారం, రాత్రి 9:40

నేనైతే పంపవద్దంటాను. ముందు పంపితే ఆయన జవాబు సిద్ధం చేసుకుని వస్తారు, మీటింగ్ మొదలవకముందే రెండు పక్షాలు ఏర్పడతాయి. పేజీ చేతిలో ఉంచుకుని, సందర్భం వచ్చినప్పుడు తిప్పి చూపిస్తే ఇద్దరూ ఒకే కాగితం వైపు చూస్తారు.

తెల్లకోటు · సోమవారం, రాత్రి 10:00

ఇక్కడ నేను సూటిమాట గారి వైపు కొంత. కొందరికి హఠాత్తుగా అంకెలు చూపిస్తే పదిమందిలో పట్టుబడినట్టు అనిపిస్తుంది, అలాంటివాళ్ళు ఒక రాత్రి టైమ్ ఇస్తే మెత్తబడతారు. ఆయన ఎలాంటి మనిషో చిరుగాలి గారికే తెలుసు. గతంలో మీరు ఏదైనా తప్పు ఎత్తి చూపినప్పుడు అక్కడికక్కడ ఒప్పుకున్నారా, మర్నాడు వచ్చి ఒప్పుకున్నారా?

చిరుగాలి · మంగళవారం, ఉదయం 7:30

మర్నాడే. ఎప్పుడూ మర్నాడే.

పాతకాపు · మంగళవారం, ఉదయం 8:00

అలాగైతే నా మాట కొంత మార్చుకుంటాను. పేజీ కాదు, రెండు వాక్యాల మెయిల్ పంపండి: "గురువారం మార్చి, మే రిపోర్టుల తేదీల గురించి పది నిమిషాలు మాట్లాడాలనుకుంటున్నాను. తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి." ఆయన కూడా ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకుంటారు. అయినా పేజీ మొత్తం పంపడం మీద నా అభిప్రాయం అదే.

చిరుగాలి · మంగళవారం, సాయంత్రం 6:35

చిత్తుప్రతి రాశాను. చూడండి.

"సార్, మీ ఫీడ్‌బ్యాక్‌కి థ్యాంక్స్. కానీ ఇది నాకు చాలా అన్యాయంగా అనిపించింది. మార్చి ఆలస్యం నా వల్ల కాదు, పక్క టీమ్ ఫైలు ఇవ్వలేదు. మీరు ఎప్పుడూ నా పని గమనించరు. నా పక్కన కూర్చునేవాళ్ళు మూడు రిపోర్టులు ఆలస్యం చేశారు, వాళ్ళకి మూడు ఇచ్చారు. నాకు ఓనర్‌షిప్ తక్కువ అని ఎందుకు అన్నారు?"

పాతకాపు · మంగళవారం, రాత్రి 8:15

మనసులో ఉన్నదంతా ఉంది. ఇప్పుడు ఏది ఏం చేస్తుందో చూద్దాం.

"అన్యాయంగా" అనగానే ఆయన మీ తేదీలు వినడం మానేసి, తాను న్యాయంగానే ఉన్నానని నిరూపించుకోవడం మొదలుపెడతారు. ఆ మాట తీసేయండి, తేదీలే ఆ పని చేస్తాయి.

"నా వల్ల కాదు, పక్క టీమ్" సగం నిజం. ఫైలు ఆలస్యం వాళ్ళది, ఎనిమిది రోజులు చెప్పకపోవడం మీది. ఆ రెండో సగం ఆయన నోట వస్తే మీరు దొరికిపోయినట్టు ఉంటుంది, మీ నోట వస్తే ఆయనకి వాదించడానికి ఏమీ మిగలదు. కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి.

"ఎప్పుడూ గమనించరు" అంటే, ఆయన మీ గురించి "నిలకడ లేదు" అన్నారే, అదే తప్పు మీరూ చేస్తున్నారు.

పక్కన కూర్చునేవాళ్ళ సంగతి పూర్తిగా తీసేయండి. ఇతరుల రేటింగు గురించి ఆయన మాట్లాడరు, మాట్లాడకూడదు. చర్చ అక్కడే ఆగిపోతుంది. పైగా వాళ్ళ పని వివరాలు మీకు పూర్తిగా తెలియవు.

"ఎందుకు అన్నారు" నిలదీసినట్టు వినబడుతుంది. "ఏ సందర్భం చూసి" అంటే అదే ప్రశ్న, జవాబు వస్తుంది.

మళ్ళీ ఇలా చెప్పి చూడండి:

"వ్యాఖ్య చదివాను. మొదట ఒక విషయం ఒప్పుకోవాలి. మార్చిలో ఫైలు రాలేదని నాకు 5నే తెలుసు, మీకు 13న చెప్పాను. మేలో గడువు రోజునే చెప్పాను. మీకు ముందే తెలియాల్సింది. ఇక డెడ్‌లైన్ల మాట. ఆరు నెలల్లో 14 రిపోర్టులు, 12 సమయానికి వెళ్ళాయి. మార్చిది ఫైలు ఏడు రోజులు ఆలస్యంగా రావడం వల్ల, మేది నా అంచనా తప్పడం వల్ల. అందుకే నిలకడ లేదన్న మాట ఈ తేదీలకి సరిపోవడం లేదనిపిస్తోంది. ఓనర్‌షిప్ గురించి మీరు ఏ సందర్భం దృష్టిలో పెట్టుకున్నారో చెబితే అర్థం చేసుకుంటాను."

చెప్పడానికి నిమిషంలోపే పడుతుంది. చివరి ప్రశ్న అడిగాక ఆగండి. ఆయన వెంటనే మాట్లాడకపోవచ్చు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మీరే మళ్ళీ మొదలుపెడితే, తీసేసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి.

చిరుగాలి · మంగళవారం, రాత్రి 8:50

చదువుతుంటేనే తేలికగా ఉంది. కానీ ఒప్పుకోవడంతో మొదలుపెడితే "చూశావా, నువ్వే అన్నావు" అని దాన్నే పట్టుకోరా?

పాతకాపు · మంగళవారం, రాత్రి 9:20

పట్టుకోవచ్చు. అందుకే ఒప్పుకోలు ఎంత వెడల్పు ఉండాలో చూసుకోవాలి. "నా కమ్యూనికేషన్ బాగాలేదు" అంటే పట్టుబడినట్టే. "రెండు సందర్భాల్లో ఆలస్యంగా చెప్పాను" అంటే అది రెండు సందర్భాల దగ్గరే ఆగుతుంది. సంఘటనని ఒప్పుకోండి, ముద్రని ఒప్పుకోకండి.

1996లో ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన పెద్ద సమీక్ష ఒకటి ఉంది, వందల ఫలితాలు కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది, కానీ మూడింట ఒక వంతుకి పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారింది. దృష్టి పని మీద నుంచి "నేనెలాంటి మనిషిని" అన్నదాని మీదకి జరిగేకొద్దీ ఆ మేలు తగ్గుతుందని వాళ్ళ వాదన. "ఓనర్‌షిప్ తక్కువ" మనిషి మీద మాట. ప్రతిసారీ దాన్ని పని మీదకి, తేదీ మీదకి లాక్కురావడమే గురువారం మీ పని.

తెల్లకోటు · బుధవారం, ఉదయం 7:50

ఈ నిమిషం మాటని కళ్ళతో చదవకండి, పైకి చెప్పండి. నిలబడి ఒకసారి, కూర్చుని రెండుసార్లు. నోరు ఎక్కడ తడబడుతుందో అక్కడ వాక్యం పొడవుగా ఉందని అర్థం, కోయండి. కంఠస్థం మాత్రం చేయవద్దు, ఒక ముక్క మరిచిపోతే మొత్తం పోతుంది. నోట్‌బుక్‌లో నాలుగు గుర్తులు చాలు: 5–13, 14లో 12, ఏడు రోజులు, ఏ సందర్భం.

ఇంకా మూడు చోట్ల "ఇలా అయితే ఇలా" అని ముందే ఖాయం చేసుకోండి. గొంతు వణికితే: ఒక గుక్క నీళ్ళు తాగి "ఒక్క క్షణం" అని మళ్ళీ మొదలు. కళ్ళలో నీళ్ళొస్తే: క్షమాపణ చెప్పకుండా "ఇది నాకు ముఖ్యమైన విషయం, రెండు నిమిషాల్లో వస్తాను" అని లేచి వెళ్ళడం. అసలు ఊహించని కొత్త ఆరోపణ వస్తే: "ఇది మొదటిసారి వింటున్నాను, రాసుకుంటున్నాను, రేపు చూసి చెబుతాను." ఆ మూడోది చాలా అవసరం. అప్పటికప్పుడు చెప్పే జవాబుల్లోనే నోరు జారుతుంది.

కొత్తచిగురు · బుధవారం, మధ్యాహ్నం 12:30

చివర్లో పోర్టల్‌లో "అంగీకరించాను" అని నొక్కమంటారు కదా. ఒప్పుకోకపోతే నొక్కాలా వద్దా?

పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 1:15

ఆ బటన్ పక్కన ఏం రాసి ఉందో చదవండి. చాలా చోట్ల "చదివాను, చర్చ జరిగింది" అన్న అర్థమే ఉంటుంది, అలాగైతే నొక్కినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. కొన్ని చోట్ల "ఏకీభవిస్తున్నాను" అనే ఉంటుంది. అప్పుడు ముందు వ్యాఖ్య గడి నింపి, తర్వాత నొక్కాలి. ఏదైనా సరే మీటింగ్‌లో కూర్చుని నొక్కనక్కరలేదు, "ఇవాళ సాయంత్రంలోపు చేస్తాను" అనండి. గడువు ఎంతో మాత్రం కనుక్కోండి, దాటితే దానంతటదే మూసుకుపోయే పోర్టళ్ళున్నాయి.

మీటింగ్ అయ్యాక 24 గంటల్లోపు చిన్న మెయిల్ పెట్టండి. మాట్లాడుకున్నవి, ఒప్పుకున్నవి, మిగిలినవి. ఉదాహరణకి: "ఆలస్యం తెలిసిన రోజే మీకు చెబుతాను, ఇన్‌పుట్ ఫైళ్ళ మెయిళ్ళలో మీరు కాపీలో ఉంటారు. డెడ్‌లైన్ల వాక్యాన్ని 14, 12 అంకెలతో సవరించడాన్ని మీరు పరిశీలిస్తానన్నారు." ఆయన అనని మాట రాయకండి. పరిశీలిస్తానంటే పరిశీలిస్తానన్నారనే రాయండి, మారుస్తానన్నారని కాదు. ఒక్క చోట ఎక్కువ రాస్తే మెయిల్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

రేవుగట్టు · బుధవారం, మధ్యాహ్నం 2:40

ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఈ మెయిల్ గొడవే ఉండదుగా.

పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 3:00

చెప్పకుండా రికార్డు చేయడం కొన్ని చోట్ల చట్టవిరుద్ధం, చాలా సంస్థల్లో అది ఒక్కటే ఉద్యోగం పోవడానికి సరిపోయే కారణం. నోట్‌బుక్ చాలు.

సూటిమాట · బుధవారం, సాయంత్రం 5:10

ఇంత మెత్తగా వెళ్తే పని జరుగుతుందని నాకు ఇంకా నమ్మకం కలగడం లేదు. ఆ మేనేజర్ కావాలనే తొక్కుతుంటే? తేదీలు చూపించినా మార్చకపోతే?

పాతకాపు · బుధవారం, సాయంత్రం 6:00

అది వేరే సమస్య, దానికి ఈ మందు పనిచేయదు. గుర్తు పట్టడానికి ఒక ఆనవాలు ఉంది. "ఏ సందర్భం" అని అడిగితే పొరపాటు పడ్డ మేనేజర్ ఏదో ఒక సంఘటన చెబుతారు, తప్పయినా సరే. కావాలని చేసేవాళ్ళు సంఘటన చెప్పరు, మాట మారుస్తూ పోతారు. డెడ్‌లైన్ తేదీలు చూపిస్తే "అది కాదు, అసలు నీ వైఖరి" అంటారు. వైఖరి గురించి అడిగితే ఇంకొకటి. అలా రెండుసార్లు జారితే వాదన ఆపేసి, రాసుకున్నది పెట్టుకుని బయటికి రావడమే. అప్పీలు, హెచ్‌ఆర్, మీ ఫోల్డర్ అన్నీ అప్పుడు పనికొస్తాయి. ఒక్క మీటింగ్‌తో మాత్రం ఈ రెండింటిలో ఏదో కచ్చితంగా చెప్పలేం, అలసిపోయిన మంచి మేనేజర్ కూడా ఒక్కోసారి అలా జారతారు.

చిరుగాలి · బుధవారం, రాత్రి 9:15

రెండు వాక్యాల మెయిల్ ఉదయమే పంపాను. "సరే, మేది నేనూ చూసుకుంటాను" అని జవాబొచ్చింది. మార్చి గురించి ఏమీ అనలేదు. నిమిషం మాట ఐదుసార్లు పైకి చెప్పాను, "సరిపోవడం లేదనిపిస్తోంది" దగ్గర ప్రతిసారీ తడబడుతున్నాను.

తెల్లకోటు · బుధవారం, రాత్రి 9:30

"ఈ తేదీలకి ఆ మాట సరిపోదు" అనండి. ఇక ఇవాళ్టికి చాలు, కాగితం మూసేయండి.